కలువా? కమలమా? తామరా?

మా బడిలో తొమ్మిదో తరగతి గదికి వెనకవైపు ఒక పాత నల్లబల్ల ఉంది. వారానికొకసారి దానిమీద గళ్ళ నుడికట్టులోంచి తీసినట్లుండే ఆధారం ఒకటి రాస్తుంటాను. సరైన జవాబు మొదట చెప్పినవారికి ఒక పెన్ను బహుమతి. ఒక సోమవారం నాడు ఇలా రాశాను:

మధ్యమాన్ని మింగిన తార కొలనులో పువ్వు (3)

బ్రాకెట్లో ఉన్న 3 అంటే జవాబులో మూడు అక్షరాలున్నాయని అర్థం. రాసి పక్కకు జరిగానో లేదో మూడు చేతులు లేచాయి. ఒకరు "కలువ" అన్నారు. ఇంకొకరు "కమలం" అన్నారు. మూడోవారు "తామర" అన్నారు. కలువ, కమలం, తామర - మూడూ కొలనులో పూసేవే, మూడింటికీ మూడేసి అక్షరాలే. మరి పెన్ను ఎవరికివ్వాలి?

మొదట చెయ్యెత్తిన అబ్బాయి తనకే ఇవ్వాలన్నాడు. ముగ్గురికీ తలా ఒకటి ఇవ్వమని మరికొందరు న్యాయం చెప్పారు. కాని ఆ ఆధారానికి ఒకే ఒక్క జవాబు ఉంది. ఏది సరైనదో, మిగిలిన రెండూ ఎందుకు కావో తేల్చగలిగే రుజువు ఆ నాలుగైదు మాటల్లోనే ఉంది. ఆ రుజువును చదవడం ఎలాగో ఇప్పుడు చూద్దాం.

ఆధారంలో రెండు భాగాలు

క్రాస్‌వర్డ్ మొదట పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిదాన్ని ప్రచురించాడు. అందులోని ఆధారాలు సూటిగా అర్థం చెప్పి మాట అడిగేవి. "కొలనులో పువ్వు" అంతే. ఆ తరువాత ఇంగ్లండులో ఆటను ఇంకాస్త బిగించారు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో కూర్చిన ఆయన అర్థంతోపాటు అక్షరాల తమాషా కూడా చేర్చాడు. దీనికి క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ అని పేరు వచ్చింది. తెలుగులో శ్రీశ్రీ "పదబంధ ప్రహేళిక" పేరుతోను, ఆరుద్ర "గళ్ళ నుడికట్టు" పేరుతోను ఇలాంటివే కూర్చి మన భాషకు అలవాటు చేశారు.

ఇటువంటి ఆధారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి అర్థ భాగం. అది జవాబుకు మామూలు అర్థం. ఇది ఎప్పుడూ ఆధారానికి ఏదో ఒక చివర ఉంటుంది, నడుమ ఉండదు. మిగిలినదంతా అక్షర భాగం. అక్షరాలను ఎక్కడినుంచి తెచ్చి ఎలా పేర్చాలో అది చెబుతుంది. అర్థ భాగం ఒక్కటే చూస్తే మన తరగతిలో జరిగినట్లు మూడు జవాబులు రావచ్చు. అక్షర భాగం ఆ మూడింటిలో రెండింటిని కొట్టివేస్తుంది.

అక్షర భాగంలో కూడా రెండు రకాల మాటలుంటాయి. కొన్ని సరుకు, అంటే జవాబులోకి చేరే అక్షరాలు. మరికొన్ని ఆ సరుకును ఏం చెయ్యాలో చెప్పే ఆజ్ఞలు. ఆజ్ఞ ఇచ్చే మాటను సూచిక అందాం. సూచికలు చాలా రకాలున్నా ఈరోజు మూడింటిని మాత్రమే చూద్దాం. ఒకదానిలో ఇంకొకటి పెట్టమనేది పెట్టె సూచిక. వెనకనుంచి ముందుకు చదవమనేది తిరగేత సూచిక. ఏదో ఒక అక్షరం తీసెయ్యమనేది కోత సూచిక.

ఇంగ్లీషులో సరుకు అంటే ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం. తెలుగులో ఒక గడిలో రాసేదంతా కలిసి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ తమ అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. "కలం" అంటే రెండే అక్షరాలు: క, లం. "గుమ్మడి" అంటే మూడు: గు, మ్మ, డి. ఇది గుర్తుంచుకోకపోతే ముందుముందు లెక్క తప్పుతుంది.

పెట్టె ఏది? సరుకు ఏది?

మన ఆధారానికి వద్దాం. "మింగిన" అనేది పెట్టె సూచిక. మింగినది పైన ఉంటుంది, మింగబడినది లోపల ఉంటుంది. ఎవరు ఎవరిని మింగారు? తెలుగు వాచకం చదివిన మీకు ఇది కష్టం కాదు. "మధ్యమాన్ని" అని ద్వితీయా విభక్తి ఉంది కాబట్టి మింగబడినది మధ్యమం. మింగినది తార.

మధ్యమం అంటే ఏమిటి? సంగీతంలో స, రి, గ, మ అనే స్వరాల్లో "మ"కు పేరు మధ్యమం. నుడికట్టు కూర్చేవారికి ఈ స్వరాలు చాలా ఇష్టం, ఎందుకంటే ఒక్క మాటతో ఒక్క అక్షరం ఇవ్వవచ్చు. "తార"కు రెండు అక్షరాలు: తా, ర. వాటి నడుమ "మ" పెట్టండి.

తా + మ + ర = తామర

కొలనులో పువ్వు దొరికింది. కలువ అన్న అబ్బాయికి "మ" ఎక్కడా లేదు. కమలం అన్న అమ్మాయికి "మ" ఉంది, అది నడుమనే ఉంది. కాని చుట్టూ ఉన్నది తార కాదు. "మ" తీసేసి చూడండి, మిగిలేది క, లం. అంటే కలం. ఆమె జవాబు రావాలంటే ఆధారం వేరుగా ఉండాలి:

కలంలో మధ్యమం కొలనులో పువ్వు (3)

రెండు ఆధారాల్లోను అర్థం ఒకటే. మింగిన స్వరం కూడా ఒకటే. పెట్టె మారింది కాబట్టి జవాబు మారింది. పెన్ను మూడో విద్యార్థికి వెళ్ళింది. మిగిలిన ఇద్దరూ తమ జవాబులు ఎందుకు కావో బల్లమీద తామే రాసి చూసుకున్నారు కాబట్టి గొడవ ఆగిపోయింది.

ఈ రెండో ఆధారంలో "మింగిన" లేదు. "కలంలో" అన్న మాట చివరి "లో"నే సూచిక. విభక్తి ప్రత్యయం అంటుకున్న మాట పెట్టె, దాని తరువాతి మాట సరుకు. దీన్ని "మధ్యమాన్ని మింగిన" అన్నదానితో పోల్చి చూడండి. "ని" అంటుకున్న మాట లోపలికి పోతుంది, "లో" అంటుకున్న మాట బయట ఉంటుంది. అలాగే "మధ్యమం చుట్టూ తార" అంటే "చుట్టూ"కు ముందున్నది లోపల, తరువాతిది బయట. "తార నడుమ మధ్యమం" అంటే "నడుమ"కు ముందున్నది బయట. అందుచేత పెట్టె సూచిక కనబడగానే దాని అర్థం ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఏ ప్రత్యయం ఏ మాటకు అంటుకుందో చూడాలి. ఆ ప్రత్యయం అక్షరాల్లో చేరదు. "కలంలో" అన్నప్పుడు సరుకు "కలం" మాత్రమే.

ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. "లో" అంటే లోపల పెట్టమని. "లోంచి" అంటే తీసెయ్యమని. "గోదావరిలో" అంటే గోదావరి పెట్టె. "గోదావరిలోంచి" అంటే గోదావరిని కొయ్యాలి. ఒక్క "ంచి" కూడికను తీసివేత చేసేసింది. తొందరగా చదివేవారు ఎక్కువగా ఇక్కడే జారిపడతారు.

తిరగేసినా సున్న పడిపోదు

బోయవాడు "మరా మరా" అని జపిస్తుంటే అది "రామ రామ" అయిందనే వాల్మీకి కథ మీకు తెలుసు. తిరగేత అంటే అదే. మ, రా అనే రెండు అక్షరాలను వెనకనుంచి చదివితే రా, మ. "మరా"లోని దీర్ఘం "ర"తోపాటే ముందుకు వచ్చింది, "మ"కు అంటుకోలేదు. "సాక్షరా"ను తిరగేస్తే "రాక్షసా" అవుతుందని పండితులు చెప్పే చమత్కారం కూడా ఇటువంటిదే. సా, క్ష, రా తిరిగి రా, క్ష, సా అయ్యాయి.

ఇప్పుడు ఈ ఆధారం చూడండి:

వెనుదిరిగిన కలం రావణుడి రాజ్యం (2)

"వెనుదిరిగిన" తిరగేత సూచిక. "కలం" సరుకు. క, లం అన్నవాటిని వెనకనుంచి చదివితే లం, క. అదే లంక. సున్న తన అక్షరాన్ని వదలలేదు. సున్నను వేరే అక్షరంగా లెక్కపెడితే ఈ జవాబు ఎప్పటికీ దొరకదు.

తిరగేత సూచికకు ఇంకో చిక్కు ఉంది. జవాబు అడ్డంగా రాయవలసినదైతే తిరగడమంటే కుడినుంచి ఎడమకు. అప్పుడు "వెనుదిరిగిన", "అటునుంచి", "పడమరకు పోయిన" వంటి మాటలు వస్తాయి. పటంలో పడమర ఎడమవైపు ఉంటుంది కదా! నిలువుగా రాయవలసినదైతే తిరగడమంటే కిందినుంచి పైకి. అప్పుడు "పైకెక్కిన", "తలకిందులైన", "ఉత్తరానికి పోయిన" అనాలి. అడ్డం ఆధారంలో "పైకెక్కిన" అని ఉంటే అది తిరగేత కాకపోవచ్చునని అనుమానించండి. "చెదిరిన", "కలగాపులగమైన", "తారుమారైన" అనేవి కూడా తిరగేత సూచికలు కావు. అవి అక్షరాలను ఎలాగైనా కలపమంటాయి. తిరగేతలో అక్షరాల వరస చెదరదు, దిక్కు మాత్రమే మారుతుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మరో వారం బల్లమీద ఇలా రాశాను:

శిరస్సు తిరిగి తీగ (2)

శిరస్సు అంటే తల. దాన్ని తిరగేస్తే లత, అంటే తీగ. నా మనసులో జవాబు "లత". ఒక అమ్మాయి లేచి "తల" అంది. తప్పు అన్నాను. ఆమె కూర్చోకుండా, "తిరిగి తీగ అంటే తీగను తిరగెయ్యమని కదండీ? తీగ అంటే లత. తిరగేస్తే తల. తల అంటే శిరస్సు. అర్థం ముందు చివర ఉంది" అంది. సూచిక రెండు మాటల నడుమ ఒంటరిగా నిలబడింది. అది ఎడమవైపు మాటను తిప్పుతుందో కుడివైపు మాటను తిప్పుతుందో నేను చెప్పలేదు. అర్థ భాగం రెండు చివరల్లో ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి రెండు జవాబులూ నిలుస్తాయి. తప్పు ఆమెది కాదు, నాది. ఆ వారం రెండు పెన్నులు కొన్నాను.

నుడికట్టుకైతే అడ్డగా వచ్చే ఇంకో మాట ఈ తగవు తీరుస్తుందని మీరనవచ్చు. తీరుస్తుంది. కాని ఆధారం తనంతట తానే ఒక జవాబుకు దారి తియ్యాలి. అబ్జర్వర్ పత్రికలోనే జిమెనీజ్ అనే మారుపేరుతో కూర్చిన మాక్‌నట్ అనే బడిపంతులు 1966లో ఒక పుస్తకం రాసి ఈ ఆటకు కచ్చితమైన నియమాలు చెప్పాడు. పైపైన చదివినప్పుడు ఆధారం మనల్ని ఎంత మభ్యపెట్టినా తప్పులేదు కాని, అక్షరాలకు ఇచ్చే ఆజ్ఞ మాత్రం వ్యాకరణబద్ధంగా ఉండాలన్నది వాటి సారాంశం. నా ఆధారం ఆ పరీక్షలో తప్పింది. దాన్ని ఇలా దిద్దాను: "తిరగబడిన శిరస్సు ఒక తీగ". తెలుగులో "తిరగబడిన" వంటి విశేషణం ఎప్పుడూ తన తరువాతి మాటనే పట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడ తిరగవలసినది శిరస్సే, జవాబు లతే. "తల" జవాబు కావాలంటే "శిరస్సు, తిరగబడిన తీగ" అని రాయాలి.

తల, తోక, పొట్ట

కోత సూచికల్లో మూడు తరచుగా వస్తాయి. తల పోయిందంటే మొదటి అక్షరం తియ్యాలి. తోక తెగిందంటే చివరి అక్షరం తియ్యాలి. పొట్ట, నడుము, గుండె పోయాయంటే నడిమి అక్షరం తియ్యాలి. మన పాత కవులు కూడా ఒక అక్షరం జారిపోతే వేరే అర్థం వచ్చేలా పద్యాలు కూర్చి వాటిని చ్యుతాక్షరాలు అన్నారు. చ్యుతం అంటే జారినది.

తల లేని పనస ఒకటే సణుగుడు (2)

పనసలో "ప" పోతే నస.

పొట్ట తీసిన గుమ్మడి దేవుడి ఇల్లు (2)

గు, మ్మ, డి లో నడిమిది "మ్మ". అది పోతే గుడి. ఇక్కడ "మ్మ"ను రెండు అక్షరాలనుకుంటే దారి మూసుకుపోతుంది.

ఈ రెండింట్లోను సరుకు కళ్ళెదుటే ఉంది. అప్పుడప్పుడు కూర్చేవారు సరుకు బదులు దాని అర్థం మాత్రమే ఇస్తారు. అప్పుడు లెక్క మనకు సాయం చేస్తుంది:

కోతి తోక తెగితే ఆకాశంనుంచి పడేది (2)

పైకి చదివితే పాపం, ఏదో జంతువు కొమ్మమీంచి జారిపడినట్లుంది. ఆ బొమ్మను మనసులోంచి చెరిపెయ్యండి. జవాబుకు రెండు అక్షరాలు. ఒక అక్షరం తెగాక రెండు మిగిలాయంటే, తెగకముందు మూడు ఉండాలి. కాబట్టి "కోతి" అన్న మాటే సరుకు కాదు, దానికి రెండే అక్షరాలు. "కపి"కీ రెండే. "మర్కటం"లో మ, ర్క, టం అని మూడున్నాయి. తోక కోస్తే "మర్క" మిగులుతుంది, అది మాట కాదు. "వానరం"లో వా, న, రం అని మూడు. తోక కోస్తే "వాన". ఆకాశంనుంచి పడేది అదే కదా!

ఒక్కొక్కసారి తీసెయ్యవలసిన భాగాన్ని తల, తోక అనకుండా పేరుపెట్టి చెబుతారు. "కుస్తీ స్థలం కొట్టుకుపోయిన గోదావరి ఒక పంట (2)" అంటే, కుస్తీ పట్టే స్థలం గోదా. గోదావరిలోంచి గోదా పోతే మిగిలేది వరి.

కోతలో జరిగే పొరపాటు ఎక్కువగా దీర్ఘాల దగ్గర వస్తుంది. "తోక తెగిన చీరాల" అంటే "చీర" అని చాలామంది రాస్తారు. చీరాలలో చీ, రా, ల ఉన్నాయి. "ల" పోతే మిగిలేది "చీరా", "చీర" కాదు. కత్తి అక్షరాన్ని తీస్తుంది కాని దీర్ఘాన్ని కుదించదు. నిజానికి చీరాలలో నడుము తీస్తే "చీల" అనే మంచి మాట వస్తుంది.

మూడు సూచికలు ఒకేచోట

మూడింటి లెక్కనూ ఒకచోట పెట్టుకుందాం. పెట్టెలో సరుకు పెడితే అక్షరాల సంఖ్య కలుస్తుంది. కోస్తే తగ్గుతుంది. తిరగేస్తే మారదు. రసాయన సమీకరణంలో రెండువైపులా పరమాణువుల లెక్క సరిపోవాలని మీరు తరగతిలో నేర్చుకున్నారు. ఇక్కడ అక్షరాల లెక్క అలాగే సరిపోవాలి. ఇప్పుడు కాస్త గట్టిది విప్పుదాం:

తోక తెగిన వ్యాకులత వెనుదిరిగి కలంలో దూరితే గోల (4)

మొదట అర్థ భాగం ఏ చివర ఉందో చూడాలి. ఎడమ చివర "తోక తెగిన" ఉంది, అది కోత సూచికలా కనిపిస్తోంది. కుడి చివర "గోల" ఉంది. "దూరితే" అన్న మాట ఫలితం తన తరువాత వస్తుందని చెబుతోంది. కాబట్టి అర్థం "గోల". గోలకు నాలుగక్షరాల మాట కావాలి.

తరువాత సూచికలకింద గీత గియ్యండి. "తోక తెగిన" అనేది కోత. "వెనుదిరిగి" అనేది తిరగేత. "లో దూరితే" అనేది పెట్టె. మిగిలిన సరుకు రెండు మాటలు: వ్యాకులత, కలం.

ఇక లెక్క. "కలం"కు "లో" అంటుకుంది కాబట్టి అది పెట్టె, దానికి రెండక్షరాలు. మొత్తం నాలుగు కావాలంటే లోపల దూరేది రెండు. తిరగేతవల్ల సంఖ్య మారదు. తోక తెగకముందు అది మూడు. అంటే వ్యాకులత అనే అర్థమిచ్చే మూడక్షరాల మాట కావాలి. "చింత", "బెంగ" పనికిరావు, అవి రెండేసి. "దిగులు" మూడు. తోక కోస్తే దిగు, తిరగేస్తే గుది, కలంలో పెడితే "కగుదిలం". మాట కాదు. "విచారం" మూడు. విచా, చావి, "కచావిలం". అదీ కాదు. "కలత" మూడు. తోక కోస్తే కల. తిరగేస్తే లక. కలంలో పెడితే:

క + లక + లం = కలకలం

గోల అంటే కలకలమే. నాలుగక్షరాలు సరిపోయాయి.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. ముందు తోక కోసి తరువాత తిరగేశాం. ముందు తిరగేసి తరువాత కోస్తే ఏమవుతుంది? "కలత" తిరగేస్తే "తలక". దాని తోక "క". అది కోస్తే "తల". కలంలో పెడితే "కతలలం". పని పాడైంది. కాబట్టి క్రమం ముఖ్యం. ఆ క్రమం ఆధారంలోనే ఉంది. "తోక తెగిన వ్యాకులత" అంటే ముందే తోక తెగి ఉన్నది. అది "వెనుదిరిగి", ఆపైన "దూరింది". "తిరిగి", "దూరి", "వచ్చి" వంటి క్త్వార్థక క్రియలు ముందు జరిగే పనిని చెబుతాయని వ్యాకరణంలో చదివారు కదా. ఆ పాఠం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది.

జవాబు దొరికాక ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. ఆధారంలోని ప్రతి మాటమీదా వేలుపెట్టి "నువ్వేం పని చేశావు?" అని అడగండి. ఒకటి సరుకిచ్చి ఉండాలి, లేదా ఆజ్ఞ ఇచ్చి ఉండాలి, లేదా అర్థం చెప్పి ఉండాలి, లేదా "ఒక", "అంటే" వంటి అతుకు మాట అయి ఉండాలి. ఏ పనీ లేకుండా ఒక మాట మిగిలిపోయిందంటే మీ జవాబు అనుమానాస్పదం. కలువ అన్న అబ్బాయి ఈ పరీక్ష పెట్టి ఉంటే "మధ్యమం", "మింగిన", "తార" మూడూ పనిలేక కూర్చున్నట్లు కనిపించేది. చెయ్యెత్తడానికి ముందే తన జవాబు కాదని అతనికే తెలిసేది.

మీరు విప్పండి

1. సారంలో గాంధారం అలలు లేచే చోటు (3)
2. అటు తిరిగిన లక్ష్మి ఒక యంత్రం (2)
3. నడిబొడ్డు పోయిన ఏలూరు ఒక ప్రవాహం (2)
4. తల పోయిన పావడ నూనెలో వేగేది (2)
5. అడవిలో తోక తెగిన దయ ముఖం (3)

జవాబులు

1. సాగరం. "సారం" పెట్టె, గాంధారం అంటే "గ". సా + గ + రం.
2. మర. లక్ష్మి అంటే రమ, తిరగేస్తే మర.
3. ఏరు. ఏ, లూ, రు లో "లూ" పోయింది.
4. వడ. పావడలో "పా" పోయింది.
5. వదనం. అడవి అంటే వనం, అది పెట్టె. "దయ" తోక తెగితే "ద". వ + ద + నం.